గెలుపు ఉంది, ఓటమి ఉంది, మరి ‘గెలిమి’ ఎందుకు లేదు?

ప్రశ్న: ‘మంచితనం’ లాగా ఎవరైనా ‘సిల్లీతనం’ అంటే వెంటనే అర్థమవుతుంది, తప్పు అనిపించదు. కానీ ‘ఓటమి’ చూసి ‘గెలిమి’ అనలేం. గెలవడానికి ‘గెలుపు’ ఉంది కదా అని నడవడానికి ‘నడుపు’ అనలేం. అన్నీ ప్రత్యయాలే అయినప్పుడు కొన్ని కొత్త మాటలు పుట్టించి, కొన్ని పుట్టించకపోవడానికి కారణం ఏమిటి? ఎక్కువ మాటల్లో కనిపించే ప్రత్యయమే బతికున్నట్టా?

సమాధానం:

చివరి ముక్కకు ముందు జవాబు చెప్పేస్తాను: కాదు. ఈ విషయంలో అందరూ మొదట చేసే పొరపాటు అదే, నేనూ చేశాను. ‘ఓటమి’, ‘కూటమి’ అనే మాటలు ఏ రోజు వార్తలు తిరగేసినా కనిపిస్తాయి. అయినా వాటి చివర ఉన్న ‘మి’ కొత్త మాటను పుట్టించి ఎన్ని తరాలయిందో! అటు ‘బుకాయింపు’ అనే మాట నెలకోసారి కూడా వినపడదు, కానీ దాని వెనకున్న సూత్రం ఇప్పటికీ పనిచేస్తోంది. మాట ఎంత వాడుకలో ఉందన్నది ఒక సంగతి. ఆ మాటను తయారు చేసిన అచ్చు ఇంకా పనిచేస్తోందా అన్నది వేరే సంగతి.

అన్ని ప్రత్యయాల గురించీ చెప్పుకుంటూ పోతే తేలదు కాబట్టి ‘పు’ ఒక్కదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్తాను. ఒకే ప్రత్యయం ఒక చోట గడ్డకట్టి, ఇంకో చోట పారుతూ కనిపించే ఉదాహరణ ఇంత శుభ్రంగా దొరకడం అరుదు.

మీరు అడిగిన ‘గెలుపు’తోనే మొదలుపెడదాం. దీని పాత క్రియారూపం ‘గెలుచు’. పిలుచు – పిలుపు, తలచు – తలపు, అరచు – అరుపు, మరచు – మరుపు, ఏడ్చు – ఏడుపు, మార్చు – మార్పు, తీర్చు – తీర్పు, కూర్చు – కూర్పు, ఓర్చు – ఓర్పు, ముంచు – ముంపు, వంచు – వంపు. వరసగా చదివితే పద్ధతి కళ్ళకు కడుతుంది. క్రియ చివరి ‘చు’ తీసి అక్కడ ‘పు’ పెడితే నామవాచకం వస్తోంది. ఒకప్పుడు ఇది తెలుగువాళ్ళ నోట్లో నిజంగా నడిచిన సూత్రం, లేకపోతే ఇన్ని మాటలు ఒకే పోతలో పోసినట్టు ఉండవు.

ఇప్పుడు అదే ‘చు’తో ముగిసే మరికొన్ని క్రియలు చూడండి. నడుచు – నడక. కొలుచు – కొలత. పొడుచు – పోటు. నిలుచు – నిలకడ. పంచు – పంపకం. ఎంచు – ఎంపిక. దోచు – దోపిడి. మొలచు – మొలక. కరచు – కాటు. ఒక్కోదానికి ఒక్కో తోక, ఏ క్రియకు ఏ తోక వస్తుందో ముందుగా చెప్పడం కుదరదు. ఇక పేల్చు, కూల్చు తీసుకుంటే మార్చు – మార్పు ప్రకారం ‘పేల్పు’, ‘కూల్పు’ రావాలి. ఎవరూ అనరు. పేలుడు అంటాం, కూల్చివేత అంటాం. ఉంచు, తుడుచు లాంటివాటికైతే వాడుకలో అలాంటి మాటే లేదు, ‘ఉంచడం’, ‘తుడవడం’తో సరిపెట్టుకుంటాం.

ఈ ఖాళీలే మొదటి గుర్తు. బతికున్న సూత్రానికి ఖాళీ కనిపిస్తే నింపేస్తుంది. గడ్డకట్టినది ఖాళీని అలాగే వదిలేస్తుంది.

రెండో గుర్తు అర్థంలో ఉంటుంది. ‘తీర్చు’ అంటే కోరికో అప్పో తీర్చడం, ‘తీర్పు’ అంటే న్యాయస్థానం చెప్పేది. ‘నేర్చు’ అంటే చదువో పనో నేర్చుకోవడం, కానీ ‘నేర్పు’ అంటే నేర్చుకునే పని కాదు, చాకచక్యం. ‘కాచు’ నుంచి వచ్చిన ‘కాపు’కు కాపలా దగ్గర మొదలుపెట్టి చెట్టుకు కాసిన పంట దాకా ఎన్ని అర్థాలో. క్రియ తెలిసినంత మాత్రాన వీటి అర్థం తెలియదు, ఒక్కోదాన్నీ విడిగా నేర్చుకోవాలి. విడిగా నేర్చుకున్న మాటను మనసు ముక్కలు చేసి చూడదు. ‘తీర్పు’ విన్నప్పుడు ఎవరికీ ‘తీర్చు’ గుర్తుకు రాదు. ముక్కలు చేయని మాటలోంచి ప్రత్యయం బయటపడదు, బయటపడని ప్రత్యయాన్ని ఇంకో చోట అతికించడం ఎవరికీ తోచదు.

ఇక్కడే వాడుకకు సంబంధించిన తిరకాసు ఉంది. ఒక మాట ఎంత ఎక్కువగా వాడితే అంత తేలికగా అది ముద్దగా మనసులో నిలిచిపోతుంది. ముఖ్యంగా పుట్టిన మాట దాని మూలక్రియ కంటే ఎక్కువగా వినపడుతుంటే ఆ ముద్ద మరీ గట్టిపడుతుంది. జెన్నిఫర్ హే అనే భాషాశాస్త్రవేత్త చేసిన పరిశోధనలో ముఖ్యమైన సంగతి ఇది. అందుకే ఒక ప్రత్యయానికి ‘ఓటమి’ లాంటి ప్రసిద్ధమైన మాటలు పది ఉండటం దాని ఆయుష్షును పెంచదు. ఎవరూ పెద్దగా వినని, విన్న క్షణంలోనే విడగొట్టి అర్థం చేసుకోవాల్సిన మాటలు వంద ఉంటే పెంచుతుంది.

సరే, అసలు ఎందుకు గడ్డకట్టింది? ‘పు’ విషయంలో నాకు తోచే కారణాలు రెండు. ఒకటి, చాలా చోట్ల మూలక్రియ రూపు మారింది. ఇప్పుడు మనం గెలవడం, పిలవడం, అరవడం అంటున్నాం. ‘పిలిచాడు’లో చకారం మిగిలినా, పేరుగా చెప్పేటప్పుడు వకారమే వినపడుతుంది. ‘చు’ తీసి ‘పు’ పెట్టాలంటే ముందు ఆ ‘చు’ చెవికి ఆనాలి కదా. రెండోది ఇంకా బలమైనది. ‘డం’ వచ్చి కూర్చుంది. చేయడం, తినడం, డౌన్‌లోడ్ చేయడం, ఏ క్రియకైనా కళ్ళు మూసుకుని తగిలించవచ్చు, మినహాయింపులు లేవు, అర్థం ఎప్పుడూ జారదు. అవసరమంతా అది తీర్చేస్తుంటే కొత్తగా ‘తుడుపు’ను సృష్టించాల్సిన పని ఎవరికీ పడలేదు. పాత ‘పు’ మాటలు మాత్రం తమ ప్రత్యేకమైన అర్థాలతో నిలబడ్డాయి. గెలవడం అంటే ఆ జరిగే పని, గెలుపు అంటే చేతికి వచ్చిన ఫలితం.

పిల్లలు భాష నేర్చుకునేటప్పుడు దేన్ని సూత్రంగా తీసుకుంటారు, దేన్ని బట్టీ పడతారు అన్నదానికి చార్ల్స్ యాంగ్ అనే భాషాశాస్త్రవేత్త ఒక లెక్క ప్రతిపాదించాడు. సూత్రం వర్తించాల్సిన మాటలు `N` ఉంటే, దాన్ని పాటించని మాటలు `N / ln N`కు మించకూడదు. మించితే పిల్లవాడు సూత్రాన్ని వదిలేసి మాటల్ని ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంటాడు. పైన నేను రాసిన రెండు జాబితాలకు దీన్ని వేసి చూద్దాం. మొదటి దాంట్లో ‘గెలుపు’తో కలిపి 12 మాటలు ‘పు’ను తీసుకున్నాయి. రెండో దాంట్లో 9 క్రియలు వేరే దారి పట్టాయి. మొత్తం 21. 21ని దాని సహజ సంవర్గమానంతో, అంటే సుమారు 3.04తో, భాగిస్తే 6.9 వస్తుంది. అంటే 6 మినహాయింపుల దాకా సూత్రం తట్టుకుంటుంది, ఇక్కడ 9 ఉన్నాయి. సగానికి పైగా మాటలు ‘పు’ను తీసుకుంటున్నా సూత్రం నిలబడలేదన్నమాట. ఇది నాకు గుర్తొచ్చిన క్రియలతో వేసిన లెక్కే తప్ప నిరూపణ కాదు, పిల్లల చెవిన నిజంగా పడే క్రియల జాబితాతో వేయాలి. అయితే మెజారిటీ ఉంటే చాలదు, మినహాయింపులు చాలా కొద్దిగా ఉండాలి అన్న సంగతి మాత్రం దీనివల్ల బాగా తెలుస్తుంది.

ఇప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. ‘పు’ చచ్చిపోయిందని నేను ఇంతసేపూ అన్నాను కదా, ఈ మాటలు చూడండి: తగ్గింపు, తొలగింపు, పొడిగింపు, చెల్లింపు, కుదింపు, ముగింపు, బెదిరింపు, వేధింపు, బుజ్జగింపు. ఇదీ అదే ‘చు’ పోయి ‘పు’ రావడమే. తగ్గించు – తగ్గింపు. మూలక్రియ ‘ఇంచు’తో ముగిస్తే చాలు, గడ్డకట్టిన ‘పు’ కరిగి పారుతుంది. అర్థం కూడా జారదు. తొలగింపు అంటే తొలగించడమే, పొడిగింపు అంటే పొడిగించడమే.

ఇక్కడ మాత్రమే ఎందుకు బతికింది? ‘గెలుచు’ గెలవడం అయిపోయింది కానీ ‘తగ్గించు’ తగ్గించడంగానే ఉంది. దాని చకారం ఎక్కడికీ పోలేదు. పైగా ‘ఇంచు’ ఒక్కటే స్పష్టమైన ముక్కగా చెవికి ఆనుతుంది కాబట్టి ‘ఇంపు’ కూడా అంతే స్పష్టంగా ఆనుతుంది. అందుకే ‘ఫలానా ప్రత్యయం సజీవం, ఫలానాది మృతం’ అని నిఘంటువుల్లోనో పాఠాల్లోనో ఒక్క ముక్కలో రాసినప్పుడు నాకు చిరాకు వేస్తుంది. ప్రత్యయానికి విడిగా ప్రాణం ఉండదు. ఎలాంటి మూలం మీద అతుకుతుందో ఆ చోటును బట్టి ఉంటుంది.

ఇది బతికే ఉందనడానికి సాక్ష్యం బయటినుంచి వచ్చిన క్రియలు. హిందీ-ఉర్దూ నుంచి ‘ఫిరానా’, ‘దబానా’, ‘సతానా’, ‘బనానా’ లాంటివి మనకు ఫిరాయించు, దబాయించు, సతాయించు, బనాయించు అయ్యాయి. ఇవి వచ్చేసరికి గెలుపు, పిలుపు ఎప్పటివో పాత మాటలు. ఈ కొత్తవాటి నామవాచకం ఎలా ఉండాలో వాటితోపాటు ఎవరూ నేర్పలేదు. అయినా ఫిరాయింపు, దబాయింపు, సతాయింపు తడబాటు లేకుండా వచ్చేశాయి. మినహాయింపు కూడా అంతే. అరువు మూలం మీద ప్రత్యయం అతికిందంటే అది మాటల్ని బట్టీపట్టడం వల్ల వచ్చింది కాదు, సూత్రం పనిచేసింది కాబట్టే వచ్చింది. నాకు ఒకే ఒక్క పరీక్ష ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను.

అయితే ‘ఇంచు’ కనపడగానే ‘ఇంపు’ వచ్చేయదు. ప్రేమించు ఉంది, ‘ప్రేమింపు’ లేదు. జయించు, ద్వేషించు, ఊహించు, హింసించు, బాధించు, నిర్ణయించు, ఆలోచించు, వీటిలో దేనికీ ‘ఇంపు’ రాదు. వేధింపు ఉన్నప్పుడు ‘బాధింపు’ ఎందుకు ఉండకూడదు?

ఎందుకంటే ‘బాధ’ ముందే ఉంది. ప్రేమించు అనే క్రియ పుట్టిందే ప్రేమ అనే నామవాచకం నుంచి. మళ్ళీ దాని నుంచి ఇంకో నామవాచకం చేస్తే చేరేది బయలుదేరిన చోటికే. ఆలోచించుకు ఆలోచన, వివరించుకు వివరణ, పరిష్కరించుకు పరిష్కారం, ఇలా సంస్కృతం వైపు నుంచి వచ్చిన క్రియల్లో చాలావాటికి జత మాట సిద్ధంగా ఉంటుంది. ఆ చోటు ఖాళీ లేదు కాబట్టి ‘ఇంపు’ వచ్చి నిలబడలేదు. ఇంగ్లీషులో ‘గ్లోరీ’ ఉండబట్టే ‘గ్లోరియస్’ నుంచి ‘గ్లోరియాసిటీ’ పుట్టలేదని భాషాశాస్త్రవేత్త మార్క్ ఆరొనాఫ్ 1976లో చూపించింది ఇలాంటి అడ్డునే.

ఈ వివరణ సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక మంచి కిటుకు ఉంది. మూలనామం ఉండి, దాని అర్థం వేరే అయిన క్రియ ఒకటి దొరకాలి. ‘గుర్తించు’ అలాంటిది. దీనికి ‘గుర్తు’ అనే నామం ముందే ఉంది. కానీ గుర్తు అంటే ఆనవాలు, లేదా జ్ఞాపకం. గుర్తించడం అనే పనికి అది పేరు కాదు. చోటు ఖాళీగానే ఉంది కాబట్టి ‘గుర్తింపు’ వచ్చింది. ‘బెదురు’ – ‘బెదిరింపు’ కూడా ఇలాగే. బెదురు అంటే బెదిరేవాడిలో ఉండే భయం, బెదిరింపు అంటే బెదిరించేవాడు చేసే పని. అడ్డుపడేది అర్థం తప్ప శబ్దం కాదని ఈ రెండు మాటలు తేల్చేస్తాయి.

ఇందాకటి యాంగ్ లెక్క దృష్టితో చూసినా ఇది పొసుగుతుంది. ‘ఇంచు’ క్రియలన్నీ ఒకే గంపలో వేస్తే మినహాయింపులు కొల్లలు, సూత్రం నిలవదు. జత నామం ఉన్నవాటిని పక్కన పెడితే మిగిలిన గంపలో మినహాయింపులు చాలా తగ్గిపోతాయి. చిన్నప్పుడు మనందరం తెలియకుండానే ఆ విభజన చేసుకుని ఉంటాం. మిగిలిన గంపలోనూ కొన్ని తేడాలుంటాయని ఒప్పుకోవాలి. సవరించుకు ‘సవరణ’ పాతుకుపోయింది. ఇంకొకరి చేత పని చేయించే అర్థం ఉన్న చేయించు, రాయించు లాంటివాటి మీద ‘ఇంపు’ పెద్దగా రాదు, చేయించడం, రాయించడం అనే అంటాం. కనిపించు మీద అసలు రాదు.

ఇక మీరు అడిగిన ‘మి’ సంగతి. దీని కథ వేరు, కొంచెం విచారంగా కూడా ఉంటుంది. కలిమి – లేమి అని జంటగా అంటాం కాబట్టి రెండింటిలోనూ ఒకటే ‘మి’ అనుకుంటాం. నిజానికి లేమిలోని ‘మి’ పాత తెలుగులో వ్యతిరేకార్థంలో ప్రతి క్రియకూ వచ్చేది. రామి అంటే రాకపోవడం, చేయమి అంటే చేయకపోవడం, ఎరుగమి అంటే ఎరగకపోవడం. ఇప్పటి ‘డం’ ఎంత స్వేచ్ఛగా వస్తుందో అప్పుడు అది అంత స్వేచ్ఛగా వచ్చింది. ఈరోజు వాడుకలో మిగిలింది ‘లేమి’ ఒక్కటే అనుకోవచ్చు. అంటే గడ్డకట్టిన ప్రత్యయాలు మొదటినుంచీ అసమర్థమైనవి కావు. పనిని ఇంకొకరు లాగేసుకుంటే ఎంతటి సూత్రమైనా ఆగిపోతుంది. ఇక్కడ లాగేసుకున్నవి రెండు: జరగని పనిని చెప్పడానికి ‘కపోవడం’, లేని గుణాన్ని చెప్పడానికి ‘నితనం’. ఓర్వలేనితనం, చేతగానితనం, నిలకడలేనితనం, రాజీపడనితనం.

ఓటమి, కూటమి, చెలిమి, తాలిమి, ఓరిమి లాంటివాటిలో ఉన్నది ఇంకో రకం. ఓడు – ఓటమి, కూడు – కూటమి అయినప్పుడు ఆడు, పాడు కూడా ‘ఆటమి’, ‘పాటమి’ కావాలి. కాలేదు, ఆట, పాట అయ్యాయి. చెలిమిలో మూలం నామవాచకం, ఓరిమిలో క్రియ. ఎక్కడ అతుకుతుందో దానికే ఒక కట్టుబాటు లేదు. ‘గెలిమి’ వినగానే మీకు నవ్వు వచ్చి ఉంటుంది. అది తప్పు అనిపించడం కంటే ఎవరో కావాలని అన్నట్టు అనిపిస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. డచ్చి భాషావేత్త హెంక్ షుల్టింక్ 1961లో ఉత్పాదకతకు, అంటే కొత్త మాటలు పుట్టించే శక్తికి, ఇచ్చిన నిర్వచనంలో కీలకం అదే: మాట్లాడేవాడికి తాను కొత్త మాట పుట్టిస్తున్నానన్న ఎరుక ఉండకూడదు. ‘సిల్లీతనం’ అన్నవాడు తాను మాటను కనిపెట్టానని అనుకోడు. ‘గెలిమి’ అన్నవాడు మాత్రం మన మొహం వైపు చూస్తాడు, నవ్వామా లేదా అని. ఇంగ్లీషులో ‘వార్మ్‌త్’ను చూసి ‘కూల్‌త్’ అనేవాళ్ళూ ఇలా సరదాకు అనేవాళ్ళే.

‘తనం’ గురించి ఎక్కువ చెప్పను, దాని ఆరోగ్యం అందరికీ కనపడుతూనే ఉంది. ఒక్క సంగతి మాత్రం గమనించండి. అది ఒంటి మాటల మీదే కాకుండా ‘ఏమీ పట్టని’ లాంటి పదబంధం మీద కూడా వచ్చి ‘ఏమీ పట్టనితనం’ అవుతుంది. గడ్డకట్టిన ప్రత్యయం ఈ పని చేయలేదు. ‘తనం’కూ హద్దులు లేకపోలేదు. ‘ఎత్తుతనం’, ‘పొడవుతనం’ అనం, ఎందుకంటే ఎత్తు, పొడవు వాటంతట అవే నామవాచకాలు. మళ్ళీ ప్రేమ – ప్రేమింపు కథే. ఇంద్రియాలకు తెలిసే గుణాలైతే అది ‘దనం’గా మారుతుంది: చల్లదనం, తెల్లదనం, చిక్కదనం.

మీరు దీన్ని సొంతంగా కొలిచి చూడాలనుకుంటే హరాల్డ్ బాయెన్ అనే భాషాశాస్త్రవేత్త సూచించిన కొలత చాలా సులువు. పెద్ద పాఠ్యసంచయం, అంటే కార్పస్ ఒకటి తీసుకోండి. ఆ ప్రత్యయం ఉన్న మాటలు మొత్తం ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి, అది `N`. వాటిలో ఒకే ఒక్కసారి కనిపించిన మాటలు ఎన్నో చూడండి, అది `V1`.

```
P = V1 / N
```

ఉత్తినే ఊహకు అంకెలు వేస్తున్నాను: రెండు ప్రత్యయాలూ 2,000 సార్ల చొప్పున వచ్చాయనుకోండి. ఒకదానిలో ఒక్కసారే వచ్చిన మాటలు 2, ఇంకోదానిలో 80. మొదటిదానికి 0.001, రెండోదానికి 0.04. దీని అర్థం ఏమిటంటే, ఆ ప్రత్యయంతో ఇంకొక్క మాట ఎదురైతే అది మనం ఇంతవరకూ చూడనిది అయ్యే అవకాశం మొదటిదానిలో వెయ్యికి ఒకటి, రెండోదానిలో వందకు నాలుగు. ఒక్కసారే వచ్చిన మాటల మీద ఇంత భారం ఎందుకంటే, అప్పటికప్పుడు పుట్టిన మాటలు ఉంటే గింటే అక్కడే ఉంటాయి. `N` పెరిగేకొద్దీ ఈ `P` తగ్గుతూ పోతుంది కాబట్టి వేర్వేరు `N` ఉన్న రెండు ప్రత్యయాలను నేరుగా పోల్చకండి. పెద్దదాన్ని చిన్నదాని సైజుకు కోసి, అప్పుడు పోల్చండి.

తెలుగులో ఈ లెక్క ఎక్కడ చెడుతుందో నా అనుభవంతో చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ‘పు’తో ముగిసే మాటలన్నీ ఏరి, లెక్క వేసి, ప్రత్యయం మహా జోరుగా ఉందని తేల్చి సంబరపడ్డాను. తర్వాత జాబితా కళ్ళతో చదివితే సిగ్గేసింది. తలుపు, కడుపు, వైపు, గుంపు అన్నీ అందులో ఉన్నాయి, వాటిలో ప్రత్యయమే లేదు. ఎరుపు, నలుపు, పులుపు ఉన్నాయి, వాటిలోని ‘పు’ వేరు. ఆపు, ఊపు, లేపు, నింపు ఉన్నాయి, అవి క్రియలు, అక్కడి ‘పు’ ఆగు, ఊగులను ఆపు, ఊపులుగా మార్చేది. అన్నట్టు, మీరు అడిగిన ‘నడుపు’ రాకపోవడానికి ఇది కూడా కొంత కారణం అయ్యుండాలి, ఆ రూపాన్ని బండి నడిపే క్రియ ముందే తీసేసుకుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఒక్కసారే వచ్చిన మాటల దగ్గర తగిలింది. వాటిలో బోలెడన్ని అచ్చుతప్పులు. ఒక అక్షరం తారుమారైన ‘తొలగింపు’ యంత్రం కంటికి సరికొత్త మాటే. పైగా తగ్గింపును, తగ్గింపుతో, తగ్గింపులకు, తగ్గింపేమీ, ఇలా విభక్తులూ సంధులూ కలిసిన ప్రతి రూపాన్నీ వేరే మాటగా లెక్కపెట్టాను. వీటన్నిటినీ ‘తగ్గింపు’ కిందకు చేర్చకుండా లెక్కిస్తే `V1` ఉబ్బిపోతుంది. ‘మి’ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. నిద్రలేమి, అవకాశలేమి లాంటివి కొత్తకొత్తవి కనిపిస్తాయి, చూసి ‘మి’ లేచి కూర్చుందని అనుకుంటాం. అక్కడ కొత్తగా చేరుతున్నది ‘లేమి’ అనే పూర్తి మాట, సమాసంలో రెండో పదంగా. ‘మి’ ఎప్పటిలాగే నిద్రపోతోంది. అందుకే ఒక్కసారి వచ్చిన మాటల జాబితాను చేత్తో శుభ్రం చేయకుండా వేసిన ఏ అంకెనూ నేను నమ్మను, నాదైనా సరే.

కార్పస్ చేతిలో లేకపోతే ఇంకో దారి ఉంది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పిల్లలకు లేని జంతువు బొమ్మ చూపించి, దానికి ‘వగ్’ అని లేని పేరు చెప్పి, అలాంటివి రెండు ఉంటే ఏమంటారని అడిగింది. మీరూ అలాగే అర్థం లేని క్రియ ఒకటి కల్పించి ఎవరినైనా అడగండి. “వాళ్ళు ధరను లబకించారు. ఆ ____ ఎవరికీ నచ్చలేదు.” ‘లబకింపు’ తేలికగా వస్తుంది. తర్వాత “వాడు గట్టిగా మిలిచాడు. ఆ ____ నాకు వినపడింది.” ఇక్కడ ‘మిలుపు’ అనడానికి చాలామంది జంకుతారని, ‘మిలవడం’ వైపు వెళ్తారని నా అంచనా. అడిగేటప్పుడు ముందుగా తగ్గింపు, పిలుపు లాంటి మాటలేవీ వాళ్ళ చెవిన వేయకండి, వేస్తే అనుకరిస్తారు.

చివరగా, ఈ ‘ఇంపు’ విషయంలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే సంగతి ఒకటి. సూత్రం బతికే ఉంది, కానీ దానికి మేత తగ్గిపోతోంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ‘ఇంచు’ తగిలించి క్రియలు చేసుకున్నాం, హిందీ-ఉర్దూ క్రియలకూ తగిలించాం. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి పద్ధతి మారిపోయింది. సేవ్ చేయి, డౌన్‌లోడ్ చేయి, ఫార్వర్డ్ చేయి, అన్నిటికీ పక్కన ‘చేయు’ పెట్టేస్తున్నాం. ‘గూగులించు’ లాంటివి అప్పుడప్పుడూ సరదాకు వినిపిస్తాయి, కానీ షుల్టింక్ పరీక్షలో అవి నిలవవు, అనేవాడికి తాను చమత్కారం చేస్తున్నానని తెలుసు. కొత్త క్రియ ‘ఇంచు’తో రానప్పుడు ‘ఇంపు’కు అతకడానికి చోటే ఉండదు. ప్రైవేటీకరణ, కంప్యూటరీకరణ లాంటి పత్రికల మాటల్లో ఇంగ్లీషు మూలాలు చేరుతున్నాయి కానీ అక్కడ ‘ఈకరణ’ ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది. అయినా ఎవరైనా నవ్వులాటకు ‘గూగులించాను’ అంటే, అవతలివాడు ఏమాత్రం ఆలోచించకుండా “నీ గూగులింపు అయిందా?” అని అడుగుతాడు. ఆ మొదటి మాట చమత్కారమే, రెండోది మాత్రం కాదు.